ఐదు బొమ్మల తర్వాత: కథ ఎంతవరకు వచ్చిందంటే

ఇద్దరు విద్యార్థినులు, ఒక నాణెం, వరసగా ఐదు బొమ్మలు. ఆరోసారి బొరుసు పడి తీరాలంటుంది శ్రావణి. ముందేం పడిందో నాణేనికెలా తెలుస్తుందే అంటుంది కీర్తన. తీరిక దొరికినప్పుడల్లా రాస్తున్న ఈ చిన్న కథకు రెండో ప్రతి పూర్తయింది. ఏం మారింది, ఎందుకు మారింది, లెక్కలు ఎలా సరిచూసుకున్నాను అన్నది ఇక్కడ పెడుతున్నాను.

సన్నివేశం

ముందు తేల్చుకోవాల్సింది ఆ ఐదు బొమ్మలు ఎలా వస్తాయన్నది. ఊరికే కూర్చుని ఐదుసార్లు ఎగరేస్తే ఐదూ బొమ్మలే పడే అవకాశం 32లో ఒకటి. కథ మొదలవ్వడానికే అంత అదృష్టం కావాలంటే పాఠకుడు మొహం చిట్లిస్తాడు. అందుకే ఇద్దరి చేతా స్టాటిస్టిక్స్ ప్రాక్టికల్ రికార్డు రాయిస్తున్నాను. ఒక్కొక్కరూ 20 సార్లు నాణెం ఎగరేసి ఫలితాలు నమోదు చేయాలి. 20 టాస్‌లలో ఎక్కడో ఒకచోట వరసగా ఐదు బొమ్మలు పడే అవకాశం దాదాపు నాలుగింట ఒకటి. అంటే క్లాసులో ప్రతి నలుగురిలో ఒకరి రికార్డులో కనిపించే సంగతి. ఇప్పుడు అది అద్భుతమూ కాదు, కథకుడి చేతివాటమూ కాదు.

ఆరో టాస్ ఏం పడాలన్నది ఇంకో చిక్కు. బొరుసు పడితే శ్రావణి గెలిచినట్టు, బొమ్మ పడితే కీర్తన గెలిచినట్టు చదివేవాళ్లకు అనిపిస్తుంది. నిజానికి ఏది పడినా ఎవరి మాటా రుజువైనట్టు కాదు. చివరిదాకా దాచి పెడితే కథంతా ఆ ఒక్క టాస్ మీద వేలాడుతుంది. కాబట్టి మొదటి పేజీలోనే బొరుసు పడేసి ఆ గొడవ వదిలించుకున్నాను. శ్రావణి "చెప్పానా!" అంటుంది. వాదన అక్కడ మొదలవుతుంది.

తప్పు పక్షాన ఉన్న తెలివైన పిల్ల

జూదరి భ్రమ మీద వాదన మామూలుగా రెండు ముక్కల్లో ముగిసిపోతుంది. ఒకరు "ఇప్పుడు బొరుసు వంతు" అంటారు, రెండోవారు "ప్రతి టాస్ దేనికదే" అంటారు. కథ చచ్చింది. శ్రావణిని మొద్దుగా చూపిస్తే ఎవరికీ ఏమీ మిగలదు. అందుకని ఆమెకు ఒకదాన్ని మించి ఒకటి గట్టిగా ఉండే వాదనలు ఇవ్వాలనుకున్నాను.

మొదటిది తేలిక. "ఆరూ బొమ్మలే పడటం 64లో ఒక్కసారే. ఎంత అరుదో చూడు" అంటుంది శ్రావణి. కీర్తన జవాబు కూడా తేలికే: "ఐదు బొమ్మలు పడి ఆరోది బొరుసు పడటం కూడా 64లో ఒక్కసారేనే. అరుదైన భాగం మనం ఇప్పటికే దాటేశాం." దీన్ని నాలుగు వాక్యాల్లో ముగించాను.

రెండోది చాలామంది చదువుకున్నవాళ్లు కూడా నమ్మేది. ఎక్కువసార్లు ఎగరేస్తే సగం సగం అవుతుందని పాఠంలోనే ఉంది కదా, అలాంటప్పుడు ఎక్కువైన బొమ్మలకు సరిపడా బొరుసులు తర్వాత పడాలి కదా అంటుంది శ్రావణి. ఇక్కడ కీర్తన చేత పెన్ను పట్టించాను.

"ఇంకో వెయ్యిసార్లు ఎగరేద్దాం. అందులో సగటున 500 బొమ్మలు. ముందున్న ఐదూ కలిపితే 1005లో 505. అంటే 50.25 శాతం. పదివేలు ఎగరేస్తే 10,005లో 5005, అంటే 50.02 శాతం. నీ ఐదు బొమ్మల బాకీ ఎవరూ తీర్చలేదే. వేలల్లో కలిసి కనబడకుండా పోయింది, అంతే."

ఈ పేరా కథలో నాకు బాగా నచ్చింది. నిష్పత్తి సగానికి చేరుతుంది, తేడా మాత్రం సున్నాకు చేరాల్సిన పనిలేదు. ఈ రెంటినీ ఒకటే అనుకోవడంలోనే భ్రమంతా ఉంది.

1913లో మాంటీ కార్లో క్యాసినోలో రూలెట్ చక్రం మీద వరసగా 26 సార్లు నలుపు పడిన ఉదంతాన్ని ఇక్కడ పెట్టమని చదివినవాళ్లలో ఒకరు అడిగారు. పెట్టలేదు. ఈ విషయం మీద వచ్చే వ్యాసాల్లో సగం దానితోనే మొదలవుతాయి. పైగా ఇద్దరు పిల్లలు రికార్డు రాసుకుంటూ క్యాసినో చరిత్ర మాట్లాడుకోరు.

మూడో వాదన, కథ ముడి

రెండో ప్రతిలో అసలు మార్పు ఇదే. మర్నాడు శ్రావణి నోటు పుస్తకం తెస్తుంది. మాటలు వద్దు, లెక్క చూద్దాం అంటుంది. ఏడేసి టాస్‌ల వరసలు తీసుకుంది. వరసగా ఐదు బొమ్మలు పడ్డాక ఇంకో టాస్ మిగిలున్నవి వీలైన 128 వరసల్లో ఎన్ని ఉంటాయో రాసింది. ఆరే ఉన్నాయి. ఒక్కో వరసలో, ఐదు బొమ్మల తర్వాతి టాస్‌లలో బొమ్మల వాటా ఎంతో పక్కనే వేసింది. H అంటే బొమ్మ, T అంటే బొరుసు:

```
HHHHHHH   1
HHHHHHT   1/2
HHHHHTH   0
HHHHHTT   0
THHHHHH   1
THHHHHT   0
```

ఆరింటినీ కూడితే రెండున్నర. ఆరుతో భాగిస్తే 5/12, అంటే దాదాపు 41.7 శాతం. "సగం కన్నా తక్కువ! ఐదు బొమ్మల తర్వాత బొమ్మ పడటం తగ్గిందా లేదా?" అంటుంది శ్రావణి. ఆమె లెక్కలో ఒక్క అంకె కూడా తప్పు లేదు. నాణెంలోనూ మోసం లేదు. ఆరు వరసలకూ సమానమైన అవకాశమే ఉంది. కీర్తన మొదటిసారి నోరు మూసుకుంటుంది. నాకు కావాల్సింది ఆ క్షణమే.

ఇది నేను కల్పించిన చమత్కారం కాదు. జాషువా మిల్లర్, ఆడమ్ సంజుర్జో 2018లో ఎకనోమెట్రికా పత్రికలో అచ్చయిన వ్యాసంలో ఈ పక్షపాతాన్నే బయటపెట్టారు. బాస్కెట్‌బాల్‌లో వరసగా బాస్కెట్లు వేసిన ఆటగాడికి తర్వాతిదీ పడే అవకాశం పెరుగుతుందన్న 'హాట్ హ్యాండ్' నమ్మకం భ్రమేనని చెప్పిన 1985 నాటి ప్రసిద్ధ అధ్యయనంలో ఇదే దొంగ దూరిందని వాళ్ల వాదన. కథలో వాళ్ల పేర్లు రావు. ఆ ఆరు వరసలు చాలు.

చేత్తో వేసిన లెక్క కథకు సరిపోతుంది కానీ, అచ్చుకు ఇచ్చే ముందు 128 వరసల్నీ తిప్పి చూసుకున్నాను. పైథాన్ ఉంటే ఎవరైనా చూసుకోవచ్చు:

```python
from itertools import product

rows, hits, total = [], 0, 0
for s in product("HT", repeat=7):
    nxt = [s[i] for i in (5, 6) if s[i-5:i] == ("H",) * 5]
    if nxt:
        rows.append(nxt.count("H") / len(nxt))
        hits += nxt.count("H")
        total += len(nxt)

print(len(rows), sum(rows) / len(rows), hits, total)
```

వచ్చేది `6 0.4166666666666667 4 8`. మొదటి రెండు అంకెలు శ్రావణివి. చివరి రెండు కీర్తనకు దొరికే జవాబు.

మొదట్లో ఈ ఇద్దరి చేతా నిజంగానే నాణెం ఎగరేయిద్దామనుకున్నాను. కుదరదు. 128లో ఆరు వరసలే పనికొస్తాయి కాబట్టి ఒక్క పనికొచ్చే వరస కోసం సగటున ఇరవయ్యొక్క వరసలు, అంటే నూట యాభై టాస్‌ల దాకా వేయాలి. పట్టిక రాయించడమే నయం.

కీర్తన ఎలా విప్పుతుంది

ఇక్కడ సూత్రం చెప్పిస్తే కథ పాఠమైపోతుంది. పట్టికనే మళ్లీ చూడమన్నాను. మొదటి వరస HHHHHHHలో ఐదు బొమ్మల తర్వాతి టాస్‌లు రెండున్నాయి: ఆరోది, ఏడోది. రెండూ బొమ్మలే. అయినా శ్రావణి పద్దులో ఆ రెండు బొమ్మలకూ కలిపి వచ్చింది ఒక్క వరస విలువే. HHHHHTHలో మాత్రం అలాంటి టాస్ ఒక్కటే ఉంది, అది బొరుసు. దానికీ ఒక వరస విలువ వచ్చింది. అంటే బొమ్మలు గుంపుగా ఉన్నచోట ఒక్కో బొమ్మ బరువు తగ్గిపోయింది. ఐదింటి తర్వాత వెంటనే బొరుసు పడితే బొమ్మల గుంపు అక్కడే తెగి ఆ టాస్ ఒంటరిగా మిగులుతుంది కాబట్టి, దాని బరువు తగ్గలేదు.

ప్రస్తుత ప్రతిలో సంభాషణ ఇలా ఉంది:

"ఒకపని చెయ్యవే. ఐదు బొమ్మలు పడిన ప్రతిసారీ బొరుసు మీద ఒక పాయింటు పందెం కాయి. ఆరు వరసల్లో మొత్తం ఎన్ని పందేలు?"

శ్రావణి వేలు పెట్టి లెక్కపెట్టింది. "మొదటి రెండు వరసల్లో రెండేసి. మిగతా నాలుగింట్లో ఒక్కొక్కటి. ఎనిమిది."

"ఎన్ని గెలిచావు?"

శ్రావణి మళ్లీ లెక్కపెట్టింది. ఈసారి కొంచెం మెల్లగా. "నాలుగు."

"మరి 41 శాతం ఏమైందే?"

పందెం రూపంలో అడిగించడానికి కారణముంది. పందెం కాసేవాళ్లకు ఈ వరసలో ఇంకో అవకాశం వస్తుందో రాదో ముందు తెలియదు. వాళ్లు ఎదుర్కొనేది టాస్‌లనే కానీ వరసల సగటును కాదు. సగటు వేసేది తర్వాత కూర్చుని పద్దు రాసేవాళ్లు. పాయింట్ల లెక్కలో నాలుగు గెలుపులు, నాలుగు ఓటములు, చేతికి సున్నా.

ఒక చిన్న పాత్ర

వీళ్ల పక్కన కూర్చున్న ఒకమ్మాయి చేత ఒక్క మాట అనిపించాను: "అసలు అది మంచి నాణెమేనా?" చిన్న ప్రశ్నే కానీ ఇద్దరినీ ఇబ్బంది పెడుతుంది. వెయ్యి నాణేల్లో ఒకటి రెండువైపులా బొమ్మే ఉన్నదనుకుందాం. ఐదు బొమ్మలు పడ్డాక మన చేతిలో ఉన్నది ఆ దొంగ నాణెమే అయ్యే అవకాశం 1031లో 32, అంటే మూడు శాతం. అప్పుడు ఆరోది బొమ్మ పడే అవకాశం 51.6 శాతం దాకా వస్తుంది. అనుమానమంటూ పెట్టుకుంటే అది మొగ్గేది బొమ్మ వైపే, శ్రావణి చెప్పే వైపు కాదు. ఈ లెక్క కథలో లేదు, ప్రశ్న మాత్రం ఉంది. శ్రావణి విసుక్కుని నాణేన్ని తిప్పి చూస్తుంది. బొరుసు ఉంది.

మిగిలిన పని

ఆరు వరసల పట్టికను అచ్చు పేజీలో అలాగే ఉంచాలా, శ్రావణి మాటల్లో చెప్పించాలా అన్నది తేలలేదు. చదివిన ఇద్దరిలో ఒకరు పట్టిక దగ్గర ఆగి లెక్కపెట్టుకున్నారు, ఇంకొకరు దాటేసి పందెం దగ్గరికి వెళ్లిపోయారు. దాటేసినవాళ్లకు పందెం పేలవంగా తోచింది. ఏడు టాస్‌ల బదులు మూడు టాస్‌లు తీసుకుని, ఒక బొమ్మ తర్వాత ఏం పడిందని అడిగినా అచ్చంగా ఇవే ఆరు విలువలు, ఇదే 5/12 వస్తుంది. అది నోటితో చెప్పడానికి సులువు. మూడో ప్రతిలో శ్రావణి ముందు మూడు టాస్‌లతో మొదలుపెట్టి, "చూడు, ఐదు బొమ్మలకూ ఇంతే" అంటూ పట్టిక తీస్తుంది. అలా చేస్తే రెండో వాదనలోంచి పదివేల అంకె తీసేయాలి, లేకపోతే పేజీ నిండా అంకెలే ఉంటాయి. వెయ్యి ఒక్కటే ఉంచుతాను.