అక్క నిఖానామాలో ఒక్క రోజు తేడా

నిన్న సాయంత్రం అరబిక్ అనువాదం చేతికి వచ్చింది. కోపం మాత్రం ఇంకా చల్లారలేదు.

బావ రియాద్‌లో పని చేస్తున్నాడు. అక్కనూ పాపనూ తీసుకువెళ్లడానికి పెళ్లి కాగితమైన నిఖానామా, పాప జనన ధృవీకరణ పత్రం అరబిక్‌లోకి మార్పించాలి. కాగితాలు వెతకడం, రుసుము కట్టడం ఇట్టే అయిపోయాయి. గుంటూరు అరండల్‌పేటలోని ఒక అనువాద కేంద్రం వారు అసలు కాగితం అక్కరలేదు, ఫోనులో ఫొటో తీసి పంపమన్నారు.

నిఖానామా ఉర్దూలో ఉంది. అందులో ఇస్లామీ క్యాలెండర్ ప్రకారం హిజ్రీ తేదీ 9 షవ్వాల్ 1439, పక్కనే ఇంగ్లీషు తేదీ 24 జూన్ 2018, ఆదివారం. కాగితం ఏళ్ల తరబడి మడతలో ఉండిపోయింది. ఆ మడత సరిగ్గా హిజ్రీ సంవత్సరం మీదుగా పోయింది. ఉర్దూ అంకెల్లో రెండు (۲), మూడు (۳) మధ్య తేడా పైన ఉన్న ఒక్క పంటి గీతే. ఫొటోలో నీడ పడి ఆ గీత కాస్తా మాయమైంది. మొదటి ప్రతిలో 1429 అని వచ్చింది. అంటే 2008. పక్కనే 2018 కనబడుతుంటే పదేళ్ల తేడా ఎవరికీ తట్టలేదు! కాగితాన్ని కిటికీ దగ్గర పరిచి, వెలుగు పక్క నుంచి పడేలా తేదీ ఒక్కటే దగ్గరగా ఫొటో తీసి పంపాను. దిద్దారు.

అసలు గొడవ ఆ తర్వాత మొదలైంది. దిద్దిన ప్రతిలో 9 షవ్వాల్ పోయి 10 షవ్వాల్ వచ్చింది. ఎందుకు మార్చారని అడిగితే, కౌంటరులో కూర్చున్నాయన కంప్యూటర్ తెర నా వైపు తిప్పాడు. "24 జూన్ కొడితే 10 షవ్వాల్ చూపిస్తోంది. మీ ఖాజీ తప్పు రాశాడు. వెళ్లి కొత్త నిఖానామా రాయించుకు రండి" అన్నాడు, వెనుక వరుసలో ఉన్నవాళ్లందరికీ వినబడేలా. అక్క పెళ్లి కాగితమే దొంగదన్నట్టు చూశారు అందరూ. ఒళ్లు మండిపోయింది.

నేరుగా ఖాజీ గారి దగ్గరికి వెళ్లాను. ఆయన నవ్వి, "నిఖా పగలు జరిగిందా, రాత్రా బాబూ?" అని అడిగారు. హిజ్రీ రోజు సూర్యాస్తమయంతో మారుతుంది కాబట్టి మగ్రిబ్ తర్వాత అయిన పెళ్లికి మరుసటి తేదీ పడవచ్చు. మాది పొద్దున పదకొండింటికి. "అయితే తేడా నెలవంకదే" అన్నారు. ఆ సంవత్సరం సౌదీలో రంజాన్ పండుగ జూన్ 15, శుక్రవారం. మనకు ఇక్కడ 16, శనివారం. ఆ పండుగ రోజే షవ్వాల్ ఒకటో తేదీ. అక్కడ అది ఒక రోజు ముందే వచ్చింది కాబట్టి అదే 24వ తేదీ వాళ్లకు 10, మనకు 9. కంప్యూటర్ చూపించింది సౌదీ వాళ్లు లెక్కగట్టి వాడే ఉమ్మల్ ఖురా క్యాలెండర్ తేదీ. ఖాజీ గారు రాసింది ఇక్కడ నెలవంక కనబడిన రోజును బట్టి వచ్చిన తేదీ. రెండూ సరైనవే.

మరి అనువాదంలో ఏది రాయాలి? అసలులో ఏముంటే అదే. అనువాదకుడి పని దిద్దడం కాదు. 10 అని మార్చి ఉంటే, రేపు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసే అధికారికి అనుమానం వచ్చేది అప్పుడే. చివరికి నేను పట్టుబట్టి రాయించిన వరుస ఇది:

```
٩ شوال ١٤٣٩هـ (كما ورد في الأصل)
الموافق ٢٤ يونيو ٢٠١٨م
```

మొదటి వరుసలో సంవత్సరం వెంటనే ఉన్నది హిజ్రీ గుర్తు, రెండో దాని చివర ఉన్నది క్రీస్తు శకం గుర్తు. బ్రాకెట్లో ఉన్నదానికి అర్థం 'అసలులో ఉన్నట్టే' అని. ఉమ్మల్ ఖురా ప్రకారం ఇది 10 షవ్వాల్ అన్న మాట పేజీ అడుగున అనువాదకుడి గమనికగా వేయించాను. నెల పేరు అక్షరాల్లోనే రాయించండి. అంకెల మధ్య అడ్డగీత పెట్టి టైపు చేస్తే కుడి నుంచి ఎడమకు సాగే అరబిక్‌లో రోజు, సంవత్సరం తారుమారై కనబడవచ్చు. వాళ్ల మొదటి ప్రతిలో అదీ జరిగింది.

తప్పు తమదేనని తేలాక కూడా మళ్లీ ముద్రించినందుకు డబ్బు అడిగారు. ఇవ్వలేదు. మీరూ ఇవ్వకండి.

పాప పత్రంలో ఇంగ్లీషు తేదీ ఒక్కటే ఉంది. దానికీ ఒక హిజ్రీ తేదీ తగిలించబోయారు. పాప పుట్టింది రాత్రి ఎనిమిదింటికి. అక్కడి క్యాలెండర్, ఇక్కడి నెలవంక, సూర్యాస్తమయం అన్నీ కలిసి మళ్లీ ఏ తేదీ తెస్తాయోనని, ఉన్నది ఉన్నట్టే వదిలేయమని చెప్పి అక్కడే నిలబడి ముద్ర వేయించుకున్నాను.