నీళ్లు ఎక్కువై ఆసుపత్రికి

మొన్న మా బావ మారథాన్ పూర్తి చేసి, ఫినిష్ లైన్ దాటగానే వాంతి చేసుకున్నాడు. తల పగిలిపోతోందన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా "డీహైడ్రేషన్, నీళ్లు పట్టండి" అంటూ బాటిళ్లు చాపారు. మెడికల్ టెంట్‌లోని డాక్టరమ్మ మాత్రం వాటిని పక్కకి నెట్టి, ముందు చేతులు చూసింది. వేళ్లు ఉబ్బి ఉంగరం బిగుసుకుపోయింది, వాచీ పట్టీ చర్మంలోకి దిగింది. తూకం వేస్తే పొద్దున ఇంట్లో చూసుకున్నదానికంటే కిలోన్నర ఎక్కువ! అంతదూరం పరుగెత్తినవాడు తగ్గాలి కదా.

నెమ్మదిగా పరుగెత్తుతూ, దాహం లేకపోయినా ప్రతి స్టాల్ దగ్గరా రెండేసి కప్పులు తాగాడట. పరుగు ఒత్తిడిలో ఒంట్లో ఒక హార్మోన్ పెరిగి మూత్రం తగ్గిపోతుంది. తాగిన నీళ్లు ఒంట్లోనే ఉండిపోయి రక్తంలో సోడియం పలచబడుతుంది. 135 నుంచి 145 మధ్య ఉండాల్సింది బావకి 124 ఉంది. ఆ నీళ్లు మెదడు కణాల్లోకి చేరి వాపు తెస్తాయి. కాసేపటికి "నా బండి ఎక్కడ పెట్టాను?" అని అడిగిందే అడగడం మొదలుపెట్టాడు (వచ్చింది నా కార్లో). ఈ తికమక తర్వాత ఫిట్స్, కోమా కూడా రావచ్చట.

ఆసుపత్రిలో మామూలు సెలైన్ కాదు, 3 శాతం ఉప్పు సెలైన్ 100 మి.లీ. ఎక్కించారు. స్పోర్ట్స్ డ్రింక్ తాగినా ఇదే జరిగేదట, అందులో ఉప్పు రక్తంలో కంటే చాలా తక్కువ. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మందిలో 13 శాతానికి సోడియం తగ్గిందని తర్వాత చదివాను.

ఇప్పుడు బావ దాహమేస్తేనే తాగుతున్నాడు. అక్క మాత్రం ఇంకా చెంబు పట్టుకుని వెంటపడుతోంది.