"100% వాటర్‌ప్రూఫ్" తీసేసి రాసిన వానాకాలం ప్రకటన

విజయవాడలో చిన్న షాపులకు పాంప్లెట్లు, ఫ్లెక్సీలు, ఫోన్ మెసేజ్‌లు రాసిపెట్టడం నా పని. బీసెంట్ రోడ్డు పక్క సందులో రెయిన్‌కోట్లు, గొడుగులు అమ్మే ఒకాయన మే నెలాఖరులో పిలిచారు. అప్పటికే ఆయన దగ్గర ఒక ముసాయిదా ఉంది: "100% వాటర్‌ప్రూఫ్! అత్యుత్తమ నాణ్యత! 50% వరకు తగ్గింపు!" దీన్నే కాస్త అందంగా రాసిపెట్టమ్మా, చాలు అన్నారు.

"బాబాయ్ గారూ, పక్క షాపు పాంప్లెట్‌లోనూ ఇవే మాటలుంటాయి కదా. మీ దగ్గర కొన్నవాళ్లు మళ్లీ వచ్చి ఏమని గొడవ పడతారో అది చెప్పండి" అన్నాను. ఆయన నవ్వేశారు గానీ, కౌంటర్‌లో ఉండే కుర్రాడు మాత్రం టక్కున చెప్పాడు: "బండి మీద వెళ్లేవాళ్లేనండీ. ప్యాంటు తడిసిందంటారు, అదీ కూర్చునే చోటే."

పాంప్లెట్ మొత్తం ఆ ఒక్క మాట చుట్టూ రాయొచ్చనిపించింది. నడిచేవాడికి వాన పైనుంచి పడి జారిపోతుంది. బండి నడిపేవాడికి మాత్రం నీళ్లు ఒళ్లో చేరి సీటు మీదికి దిగుతాయి. పైన మనిషి బరువు నొక్కుతూ ఉంటుంది కాబట్టి ఆ నీళ్లు కుట్టు రంధ్రాల్లోంచి లోపలికి పోతాయి. గుడ్డకు ఎంత మంచి పూత ఉన్నా సూది దిగిన ప్రతిచోటా రంధ్రం ఉన్నట్టే. దానికి మందు కుట్టు వెంట లోపలివైపు వేడితో అంటించే టేపు. ఆ టేపు ఉందా లేదా అన్నది ప్యాంటు తిరగేసి చూస్తే తెలిసిపోతుంది. కుట్టు మీద వేలెడు వెడల్పున నున్నగా మెరిసే పట్టీ కనిపిస్తుంది.

కనిపిస్తే సరిపోదు, పరీక్షించి చూద్దాం అన్నాను. షాపు వెనక నేల మీద పాత పేపర్లు పరిచాం. ప్యాంటు బయటి వైపు పైకి వచ్చేలా పెట్టి, తొడల మధ్య కుట్లు కలిసే చోటును గుంటలా చేసి రెండు మగ్గుల నీళ్లు పోశాం. మామూలుగా ఉంచితే ఏ ప్యాంటూ కారలేదు. కుర్రాడు గుంటలో అరచెయ్యి పెట్టి గట్టిగా నొక్కాడు. తక్కువ ధర రకానికి టేపు లేదు. దాని కింద పేపర్ మీద కుట్టు దారిలోనే వరసగా చుక్కలు తేలాయి. టేపున్న రకాన్ని అంతకంటే ఎక్కువసేపు నొక్కి ఉంచినా పేపర్ పొడిగానే ఉంది. బాబాయ్ గారు కాసేపు ఆ చుక్కల వంక చూసి, "మరి ఈ స్టాకు ఏం చేసుకోను?" అన్నారు.

చవక రకాన్ని దాచాల్సిన పని లేదు. అది పనికిరాని సరుకేమీ కాదు, బస్టాప్ దాకా నడిచి వెళ్లేవాళ్లకు అది చాలు. అందుకని పాంప్లెట్‌ను రెండు గడులుగా చేశాను. మొదటి గడిలో "నడిచి వెళ్లేవారికి: తేలిక, మడిస్తే హ్యాండ్‌బ్యాగ్‌లో పడుతుంది. బండికి వద్దు." రెండో గడిలో "బండి మీద వెళ్లేవారికి: కుట్లన్నిటికీ లోపల టేపు, జిప్పు మీద రెండో మడత, వెనక వెలుతురుకు మెరిసే పట్టీ." "బండికి వద్దు" అన్న మాట దగ్గర ఆయన చాలాసేపు ఆగారు. సొంత షాపు పాంప్లెట్‌లో "వద్దు" అని ఎవరు రాయించుకుంటారు? కానీ ఆ మాట ఉంటేనే రెండో గడి ధర ఎందుకు ఎక్కువో చదివేవాళ్లకు అర్థమవుతుంది. ఎవరి చేత్తో అమ్మినా గొడవ కూడా తగ్గుతుంది.

ఇంకో గొడవ చెమటది. గాలి ఆడని ప్లాస్టిక్ రకం వేసుకుని మన ఉక్కపోతలో వెళితే లోపల చొక్కా తడుస్తుంది. కొన్నవాళ్లు అది కారడం అనుకుంటారు. తేడా పట్టుకోవడం తేలికే. వీపంతా ఒకేలా చెమ్మగా ఉంటే చెమట. తడి గీతలాగా ఒకే చోట ఉంటే కుట్టు. ఇది పాంప్లెట్‌లో ఇమడదు గనక కౌంటర్ కుర్రాడికి చెప్పి వదిలేశాను. పాంప్లెట్‌లో మాత్రం "తడిగా మడిచి డిక్కీలో పెట్టకండి, నీడలో ఆరేయండి, ఇస్త్రీ వద్దు" అని ఒక వాక్యం పెట్టాను. పూత ఊడి తెల్లగా పొట్టు రాలడం చాలావరకు వీటివల్లే మొదలవుతుంది.

గొడుగుల దగ్గర పెద్దగా ఆలోచించలేదు. "స్టీలు పుల్లలు తడిగా మూసిపెడితే తుప్పు పడతాయి, ఫైబర్ పుల్లలకు తుప్పు లేదు, గాలికి తిరగబడితే మూసి మళ్లీ తెరవండి" అని రాశాను. "విరగదు" అని రాయలేదు. ఎంత గాలికి విరగదో మేం చూడలేదు కదా.

అసలు పేచీ "50% వరకు తగ్గింపు" దగ్గర వచ్చింది. సగం ధరకు ఇస్తున్నవి నిరుటి నుంచి మిగిలిన కొన్ని పిల్లల సైజులు మాత్రమే. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద కేంద్రం 2022లో మార్గదర్శకాలు తెచ్చింది. ఎర చూపించే ప్రకటనలకు అందులో షరతులు ఉన్నాయి. చెప్పిన ధరకు తగినంత సరుకు ఉండాలి. షరతు ఏదైనా ఉంటే అది ప్రకటన ఏ భాషలో ఉందో ఆ భాషలోనే, అదే ఫాంటులో ఉండాలి. కాబట్టి కింద చీమల్లాంటి అక్షరాల్లో "షరతులు వర్తిస్తాయి" అని తప్పించుకోవడం కుదరదన్నాను. చివరికి "పిల్లల సైజులు కొన్ని సగం ధరకు, స్టాకు ఉన్నంతవరకే" అని మొత్తం ఒకే సైజు అక్షరాల్లో వేయించాం. సైజుల పేర్లు కూడా రాద్దామంటే ఆయన ఒప్పుకోలేదు, అవి రోజురోజుకీ మారతాయి అన్నారు. అదీ నిజమే.

పాత కస్టమర్ల ఫోన్లకు పంపే ఎస్సెమ్మెస్ రాయడం పాంప్లెట్ కంటే కష్టమైంది. ఇంగ్లిష్‌లో ఒక మెసేజ్‌కు 160 అక్షరాలు పడితే తెలుగులో 70 మాత్రమే. గుణింతాలూ ఒత్తులూ విడివిడిగా లెక్కకొస్తాయి. "గొడుగు" కంటికి మూడక్షరాలే, లెక్కకు ఆరు. "రెయిన్‌కోట్" అయితే పదకొండు. "న్" తర్వాత కంటికి కనిపించకుండా కూర్చునే గుర్తుకూ చార్జీ పడుతుంది. 70 దాటితే రెండు మెసేజ్‌ల డబ్బులు. నేను మొదట రాసింది ఇది:

"బండి రెయిన్‌కోట్: కుట్లకు లోపల టేప్. వచ్చి నీళ్లు పోసి చూడండి."

లెక్కపెడితే 62. షాపు పేరుకు చోటు చాలలేదు. "లోపల" తీసేస్తే 57కి దిగింది, పేరు పట్టింది. "వచ్చి" తీసేద్దామా అంటే మనసొప్పలేదు. షాపుకు రమ్మని పిలిచే మాట అందులో అదొక్కటే. "అత్యుత్తమ నాణ్యత" మాత్రం ఎక్కడా మిగల్లేదు, దాన్ని ఎవరూ అడగనూ లేదు.

ఇలాంటి వ్యాపార మెసేజ్‌లకు నమూనాను టెలికం కంపెనీల డీఎల్‌టీ పోర్టల్‌లో ముందే నమోదు చేయించాలి. వాన మొదలయ్యాక మాట మార్చుదామంటే కుదరదు. అందుకే మే ఆఖరులోనే రెండు నమూనాలు పెట్టించాం. పిల్లల బ్యాగు మీదుగా వచ్చేలా వీపు దగ్గర మడత ఉన్న కోట్ల మెసేజ్ జూన్ 12న బడులు తెరవడానికి ముందు వారాంతంలో వెళ్లాలి. బండి వాళ్లది మాత్రం తేదీ చూసుకుని పంపేది కాదు. ప్రచార మెసేజ్‌లు ఉదయం పది నుంచి రాత్రి తొమ్మిది లోపే వెళ్లాలి కాబట్టి, మబ్బు పట్టిన రోజు సాయంత్రం నాలుగింటికి, ఆఫీసులు వదలక ముందే, పంపే బటన్ నొక్కే పని కౌంటర్ కుర్రాడికి అప్పజెప్పాం. నీళ్లు పోసి చూపించడానికి బకెట్టు, మగ్గు, పాత పేపర్లు కౌంటర్ కిందే పెట్టుకోమని కూడా చెప్పాను.