అమ్మానాన్నల ఎఫ్‌డీ నిచ్చెన: ఏడాది లెక్క

22 జనవరి 2025

ఇవాళ నిచ్చెన మొదలైంది. విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటున్న అమ్మానాన్నలకు నాన్న పెన్షన్ కాక 16 లక్షల డబ్బుంది. నిన్నటిదాకా అదంతా రెండు పెద్ద ఎఫ్‌డీల్లో ఉండేది. యాభై వేలు కావాలన్నా ఎనిమిది లక్షల బాండును కదపాల్సిందే. ఆ భయంతోనే నాన్న రెండేళ్లుగా పన్ను నొప్పిని సాగదీశాడు. ఈసారి రెండూ ఒకే వారంలో మెచ్యూర్ కావడంతో, నేను గుంటూరు నుంచి వెళ్లి మొత్తం ముక్కలు చేయించాను.

రెండేసి లక్షలవి ఎనిమిది. కాలపరిమితి 6 నెలలు, 12, 18, 24, అలా 48 నెలల వరకు. అంటే ప్రతి ఆరు నెలలకు ఒక మెట్టు చేతికొస్తుంది. వచ్చిన డబ్బు అవసరం లేకపోతే దాన్ని 48 నెలలకు వేసి నిచ్చెన పైమెట్టుగా పెడతాం. నాలుగేళ్లు తిరిగేసరికి అన్నీ 48 నెలలవే అవుతాయి, కానీ ఆరు నెలలకొకటి రావడం మాత్రం మారదు. వడ్డీ అన్నిటికీ నెలనెలా ఖాతాలో పడేలా రాయించాం. నెలనెలా తీసుకుంటే మూడు నెలలకోసారి వచ్చేదాని కంటే కొద్దిగా తగ్గించి ఇస్తారు. ఆ తేడాకు ఒప్పుకున్నాం, ఎందుకంటే కిరాణా, మందులు నెలనెలా ఉంటాయి.

సీనియర్ సిటిజన్ రేట్లు ఆరు నెలలదానికి 6.5 శాతం, మిగతావాటికి 7.2. నెలకు సుమారు 9,400 వస్తుంది.

పేర్ల సంగతి ఒకటి. డిపాజిట్ బీమా ఒక బ్యాంకులో ఒక మనిషికి, అసలు వడ్డీ కలిపి 5 లక్షల వరకే. జాయింట్ ఖాతాలో పేర్ల వరస మారితే దాన్ని విడిగా లెక్కిస్తారు. అందుకని రెండు బ్యాంకులు తీసుకుని, ఒక్కోదానిలో నాన్న పేరు ముందున్నవి రెండు, అమ్మ పేరు ముందున్నవి రెండు పెట్టాం. అలా ఏ గుంపూ 5 లక్షలు దాటదు. పైగా వడ్డీ ఆదాయం మొదటి పేరు మీద చూస్తారు కనుక ఇద్దరికీ పంచినట్టయింది. ఇవి కాక, పెన్షన్ వచ్చే మూడో బ్యాంకులో పొదుపు ఖాతాలో 1,20,000 ఉంచాం.

28 జూలై 2025

మొదటి మెట్టు 22న మెచ్యూర్ అయింది. ఇవాళ పాస్‌బుక్ వేయించి చూస్తే డబ్బు ఖాతాలో లేదు. మళ్లీ ఆరు నెలలకే ఎఫ్‌డీ అయిపోయింది. జనవరిలో ఫారంలో ఆటో రెన్యువల్ గడి కొట్టేయలేదు, నేనూ చూడలేదు. మౌనంగా ఉంటే పాత కాలపరిమితికే తిరిగి వేసేస్తారు. అలా రెండుసార్లు జరిగితే నిచ్చెన అడుగునే నిలిచిపోతుంది. అది మూసి 48 నెలలకు వేశాం. ఏడు రోజులు నిండకముందే మూస్తే వడ్డీ ఇవ్వరు కనుక ఆరు రోజుల వడ్డీ పోయింది. మిగిలిన ఏడింటికీ అప్పుడే మెచ్యూరిటీ సూచన మార్పించాను: డబ్బు ఖాతాలో వేయాలి, రెన్యువల్ వద్దు. దీనికీ ఒక షరతుంది. తేదీ దాటాక అడగకుండా వదిలేస్తే పొదుపు ఖాతా వడ్డీ గానీ పాత వడ్డీ గానీ, ఏది తక్కువైతే అదే వస్తుంది. కాబట్టి తేదీ అమ్మ క్యాలెండర్ మీద ఎర్రసిరాతో ఉంది.

రేట్లు ఈలోగా దిగాయి. రిజర్వ్ బ్యాంక్ ఫిబ్రవరి నుంచి జూన్ లోపు రెపో రేటును 6.50 నుంచి 5.50కి తెచ్చింది. మాకు 48 నెలలకు 6.7 దొరికింది. అయినా నెల రాబడి తగ్గలేదు, ముప్పైమూడు రూపాయలు పెరిగింది. ఎందుకంటే వెళ్లిపోయింది 6.5 మీదున్న పొట్టి మెట్టు. మిగతా ఏడూ పాత రేట్లలోనే ఉన్నాయి. మొత్తం ఒకేసారి మెచ్యూర్ అయి ఉంటే 16 లక్షలూ దిగిన రేటుకే పడేవి.

14 అక్టోబర్ 2025

అమ్మ మెట్ల మీద జారి కుడి మణికట్టు విరిగింది. ఆపరేషన్‌కు 1,40,000 కావాలి. నాన్న బాండు తీసుకుని బ్యాంకుకు వెళ్లాడు. కౌంటర్‌లో అమ్మాయి బాండు వెనక్కి తిప్పి, "మాస్టారూ, గడువు కాకముందు తీయాలంటే అమ్మగారి సంతకం కూడా కావాలండీ" అంది.

"ఈదర్ ఆర్ సర్వైవర్ అని రాసి ఉంది కదమ్మా?"

"అది మెచ్యూర్ అయ్యాకండీ. అప్పుడు మీ ఒక్కరి సంతకం చాలు."

ఆ అమ్మాయి చెప్పింది నిజమే. కానీ అమ్మ చెయ్యి పిండికట్టులో ఉంది. సంతకం పెట్టలేని మనిషికి వేలిముద్ర తీసుకోవచ్చు, కాకపోతే బ్యాంకుకు తెలిసిన ఇద్దరు సాక్షులుండాలి, అందులో ఒకరు బ్యాంకు అధికారి. ఆ పూట అది అయ్యే పని కాదు. మమ్మల్ని గట్టెక్కించింది పొదుపు ఖాతాలోని 1,20,000. దానికి ఒక్కరి సంతకం చాలు. మిగతా ఇరవై వేలు నేను వేశాను. నిచ్చెన గీసినప్పుడు నేను తేదీలు చూశానే గానీ సంతకాలు చూడలేదు.

25 నవంబర్ 2025

కట్టు విప్పారు. అమ్మ సంతకం వణుకుతోంది గానీ సరిపోలింది. ఖాళీ అయిన పొదుపు ఖాతా నింపాలి, ఫిజియోథెరపీ ఇంకా ఉంది. జనవరి 22న మెచ్యూర్ కాబోయే రెండు లక్షల మెట్టు దగ్గరలో ఉంది. దాన్ని తీసేయాలా, దాని మీద అప్పు తీసుకోవాలా?

తీసేస్తే 7.2 ఇవ్వరు. పది నెలలకు వేసి ఉంటే అప్పటి రేటు 6.5, అందులో జరిమానా అర శాతం పోగా 6 మాత్రమే. ఇప్పటికే 7.2 చొప్పున తీసుకున్నాం కనుక, ఎక్కువ తిన్న సుమారు 2,000 అసలులోంచి కోస్తారు. అప్పయితే ఎఫ్‌డీ రేటు మీద ఒక శాతం అదనం, 8.2. లక్షకు 58 రోజులకు దాదాపు 1,300. అదే లక్ష మీద ఎఫ్‌డీ వడ్డీ 1,140 వస్తూనే ఉంటుంది. నికరంగా పోయేది 160. అప్పే తీసుకున్నాం. దీనికీ ఇద్దరి సంతకాలు కావాల్సి వచ్చింది. మెచ్యూరిటీకి రెండేళ్లుంటే అదనపు శాతం రెండేళ్లూ కట్టాలి, అప్పుడు లెక్క తిరగబడొచ్చు. గడువు దగ్గరైతేనే అప్పు మేలు.

అదే రోజు మరో కాగితం కూడా ఇచ్చాం. ఇద్దరిలో ఒకరు పోతే రెండోవారు గడువుకు ముందే తీసుకోవచ్చని, ఇద్దరూ సంతకం చేసిన అనుమతి పత్రం. అది లేకపోతే పోయినవారి వారసులందరి అంగీకారం అడుగుతారు. అమ్మ ఆ వాక్యం చదవలేక నాన్న చేతికిచ్చింది. నాన్న బయటికి చదవకుండా సంతకం చేసి, వేలితో ఆమెకు చోటు చూపించాడు.

23 జనవరి 2026

నిన్న రెండో మెట్టు వచ్చింది. లక్షతో అప్పు తీరింది, మిగిలిన లక్ష 48 నెలలకు 6.5 శాతానికి వేశాం. ఈసారి అమ్మ ఒక్కదాని పేరు మీద, నాన్న నామినీ. దీన్ని తీయడానికి రెండో సంతకం అక్కర్లేదు. విడి పేరు కనుక బీమా లెక్కా జాయింట్‌తో కలవదు.

నెల రాబడి ఇప్పుడు సుమారు 8,800. తగ్గిన 650లో ఎక్కువ భాగం నిచ్చెనలోంచి తీసిన లక్ష వల్లే, రేటు వల్ల పోయింది కొంతే.

తర్వాతి మెట్టు జూలై 22న. దాన్ని నాన్న ఒక్కడి పేరు మీద వేయాలి. క్యాలెండర్‌లో 15న కూడా ఎర్రసిరా పెట్టాను, సూచన మారిందో లేదో బ్యాంకులో అడగడానికి.