చదువుకునే వేళ ఫోన్ ఎవరి కోసం మోగాలి?

ఈ రోజు సాయంత్రం అమ్మాయి, నేను కూర్చుని దాని ఫోన్ నోటిఫికేషన్ల సంగతి తేల్చుకున్నాం. ఎంతసేపు ఆపాలన్న దాని మీద పేచీయే రాలేదు. ఆరున్నర నుంచి తొమ్మిది దాకా చదువుకుంటానని అదే చెప్పింది. ఆ సమయంలో ఎవరి ఫోన్ రావాలి, ఎవరిది రాకూడదు అన్న దగ్గరే గంటసేపు మాట్లాడుకున్నాం.

నేను మొదట Focus mode అనుకున్నాను. ఆండ్రాయిడ్ ఫోన్లలో Digital Wellbeing కింద ఉంటుంది. మనం ఎంచిన యాప్‌లను ఆ సమయానికి ఆపేస్తుంది, వాటి నోటిఫికేషన్లూ రావు. అమ్మాయి వెంటనే అడ్డుచెప్పింది. "అమ్మా, వాట్సాప్ ఆపేస్తే క్లాసు గ్రూపులో పెట్టిన నోట్స్ ఫొటో కావాలన్నా తెరవలేను కదా. నాకు వాట్సాప్‌తో ఇబ్బంది లేదు, అది పిలుస్తూ ఉండడంతోనే ఇబ్బంది." ఆ మాట నాకు నచ్చింది. తనంతట తాను తెరవడం వేరు, ఫోన్ పిలిస్తే తెరవడం వేరు. మాకు కావలసింది రెండోదాన్ని ఆపడం. అందుకని Do Not Disturb వైపు వెళ్ళాం. అది యాప్‌లను మూయదు, మనం అనుమతి ఇచ్చినవాళ్ళవి తప్ప మిగతావాటిని నిశ్శబ్దం చేస్తుంది. కొత్త ఫోన్లలో ఇది Settingsలో Modes అన్న చోట కనిపిస్తుంది.

శబ్దం ఆగితే చాలదని పెట్టి చూశాక తెలిసింది. ప్రయత్నంగా నా ఫోన్ నుంచి దానికి ఒక మెసేజ్ పంపాను. ఫోన్ మోగలేదు కానీ స్క్రీన్ వెలిగింది, అమ్మాయి చటుక్కున అటు చూసింది. 2015లో అచ్చయిన ఒక పరిశోధనలో, నోటిఫికేషన్ వచ్చినప్పుడు ఫోన్ ముట్టుకోకపోయినా చేస్తున్న పనిలో తప్పులు పెరిగాయని తేలింది. ఏం వచ్చిందో అన్న ఆలోచన మొదలైతే చాలు, మనసు అటు పోతుంది. అందుకే నోటిఫికేషన్లు ఎలా కనిపించాలో చెప్పే సెట్టింగ్‌లోకి వెళ్ళి, శబ్దంతోపాటు కనిపించడం కూడా ఆపాం. మళ్ళీ మెసేజ్ పంపితే ఈసారి స్క్రీన్ వెలగలేదు. ఎవరైనా ఇది పెట్టుకుంటే ఇలా ఇంకో ఫోన్ నుంచి పంపి చూసుకోవడం మంచిది. సెట్టింగ్ పేరు చదివి అంతా ఆగిపోయిందనుకోలేం.

ఇక ఎవరిని లోపలికి రానివ్వాలి? నా ఫోన్, వాళ్ళ నాన్న ఫోన్, అమ్మమ్మ ఫోన్ రావాలి. అందులో మాట లేదు. కాంటాక్టుల్లో ఈ పేర్లకి నక్షత్రం గుర్తు పెట్టి, నక్షత్రం ఉన్నవాళ్ళ కాల్స్‌కే అనుమతి ఇచ్చాం. తర్వాత అది తన స్నేహితురాలి పేరు కూడా కలపమంది. పరీక్ష ముందు రోజు లెక్కల్లో సందేహం వస్తే ఇద్దరూ ఒకరినొకరు అడుగుతారట. నాకు తటపటాయింపుగా అనిపించింది, ఎందుకంటే వాళ్ళ మధ్య మెసేజ్‌లు సాయంత్రమంతా నడుస్తూనే ఉంటాయి. చివరికి ఇద్దరికీ సరిపోయే దారి దొరికింది: స్నేహితురాలి కాల్ రావచ్చు, మెసేజ్ రాకూడదు. Do Not Disturbలో కాల్స్‌కి ఒక అనుమతి, మెసేజ్‌లకి ఇంకో అనుమతి వేరువేరుగా ఉంటాయి. మెసేజ్ పెట్టడానికి ఎవరూ ఆలోచించరు, తోచింది తోచినట్టు పంపేస్తారు. కాల్ చేయాలంటే మాత్రం నిజంగా అవసరమా అని ఒక్క క్షణమైనా అనుకుంటారు. ఆ ఒక్క క్షణమే మాకు కావలసిన జల్లెడ.

మళ్ళీ మళ్ళీ చేసేవాళ్ళ సంగతి ఒకటి మిగిలింది. ఒకే నంబరు నుంచి పదిహేను నిమిషాల్లోపు రెండోసారి కాల్ వస్తే Do Not Disturbలో ఉన్నా మోగనిచ్చే ఏర్పాటు ఉంది, Repeat callers అని. అమ్మాయి దాన్ని తీసేయమంది. స్నేహితులందరికీ ఆ కిటుకు తెలుసట, రెండుసార్లు కొడితే మోగుతుందని ఒకరికొకరు చెప్పుకున్నారట. నేను ఒప్పుకోలేదు. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేక, పక్కవాళ్ళ ఫోన్ నుంచి చేయాల్సి వస్తే, ఆ నంబరుకి నక్షత్రం ఉండదు. ఆ ఒక్క దారీ మూసేయడం నాకు ఇష్టం లేదు. అది కాసేపు ఆలోచించి, "అయితే నేనే వాళ్ళకి చెప్తాను, ఊరికే రెండుసార్లు చేయొద్దని" అంది. అలా ఉంచాం.

క్లాసు గ్రూపు దగ్గర మాత్రం దానికి నిజంగా భయం ఉంది. రేపటి టెస్ట్ గురించి టీచర్ ఏదైనా పెడితే తనకొక్కదానికే తెలియదేమో అని. దాన్ని నేను తేలిగ్గా తీసుకోలేదు. భారతదేశంలో ఫోన్ వాడేవాళ్ళ మీద చేసి 2019లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, నోటిఫికేషన్లను రోజుకి మూడుసార్లు కట్టగా అందుకున్నవాళ్ళు మనసు కుదురుగా ఉందని చెప్పారు. అసలు ఏ నోటిఫికేషనూ రానివాళ్ళకి మాత్రం ఆందోళన, ఏదో తప్పిపోతోందన్న బెంగ ఎక్కువయ్యాయి. రెండున్నర గంటలు పూర్తిగా మూసేస్తే మా ఇంట్లోనూ అదే జరుగుతుంది. పుస్తకం ముందు కూర్చున్నా మనసు గ్రూపులోనే ఉంటుంది.

అందుకే మధ్యలో ఒక కిటికీ పెట్టాం. ఒకే షెడ్యూల్‌కి బదులు రెండు రాసుకున్నాం: ఆరున్నర నుంచి ఏడు నలభై దాకా ఒకటి, ఏడు యాభై అయిదు నుంచి తొమ్మిది దాకా ఇంకొకటి. మధ్యలో పదిహేను నిమిషాలు ఆగినవన్నీ కనిపిస్తాయి, గ్రూపు చూసుకుంటుంది, జవాబులు పెడుతుంది. రెండో షెడ్యూల్ దానంతటదే మొదలవుతుంది కాబట్టి "ఇక చాలు" అని నేను గుమ్మంలో నిలబడి చెప్పక్కర్లేదు. నాకు అన్నిటికంటే హాయిగా అనిపించింది ఇదే.

అంతా అయ్యాక చదువుకి కూర్చుంది. కాసేపటికే గదిలోంచి టింగ్‌మని వినిపించింది. ఫోన్ కాదు, పాఠం వీడియో చూస్తున్న ల్యాప్‌టాప్. బ్రౌజర్‌లో వాట్సాప్ తెరిచి ఉంది, దానికి ఫోన్‌లో పెట్టిన Do Not Disturb పట్టదు. ల్యాప్‌టాప్‌లో ఆ సైటుకి నోటిఫికేషన్ల అనుమతి తీసేసింది. చేతి గడియారం ఫోన్‌కి కలిపి వాడేవాళ్ళు దాన్ని కూడా ఇలాగే చూసుకోవాలి.

అమ్మాయి నా దగ్గర కూడా రెండు మాటలు తీసుకుంది. ఆ సమయంలో నా ఫోన్ కూడా అదే వేళలకి Do Not Disturbలో ఉండాలి. ఏదైనా కావాలంటే పక్క గదిలోంచి మెసేజ్ పెట్టకుండా నేనే వెళ్ళి అడగాలి. రెండూ న్యాయమే. నా వైపు నుంచి ఒక్కటే అడిగాను: సెట్టింగ్ మార్చాలనిపిస్తే మార్చేముందు నాకు చెప్పమని. దాని ఫోన్ తీసి నేను చూడను, పాస్‌వర్డ్ పెట్టి తాళం వేయను. సెట్టింగ్‌లన్నీ తన చేత్తోనే పెట్టుకుంది, తీసేయడమూ దాని చేతిలోనే ఉంది.

పరీక్షల రోజుల్లో ఒక్క కిటికీ చాలదేమో అని అది అంటోంది, ఎనిమిదిన్నరకి ఇంకోటి కావాలట. వచ్చే ఆదివారం దాకా ఇలా నడిపి, అప్పుడు ఆ మాట తేల్చుకుందామని అనుకున్నాం.