పద్నాలుగు రోజుల షెడ్యూలు, ఆరుగురు ఫిట్టర్లు, కనిపించి లేకుండా పోయే ఫ్లోట్

ఒక పంప్‌హౌస్‌లో పాత పైపులు తీసి కొత్తవి వేసే పనికి నేను తయారు చేసిన షెడ్యూలు ఎట్టకేలకు ఆమోదం పొందింది. గడువు 14 రోజులు, ఉన్న ఫిట్టర్లు ఆరుగురే. ఇంకొకరిని తీసుకోవడానికిగానీ ఓవర్‌టైమ్ చేయించడానికిగానీ అనుమతి లేదు. మనుషులు పరిమితంగా ఉన్నప్పుడు క్రిటికల్ కాని పనులను వాటి ఫ్లోట్ లోపల, అంటే ముగింపు కదలకుండా ఆలస్యం చేయగల రోజుల లోపల, జరిపి సర్దడం మొత్తం మీద కష్టమైన పనేమీ కాదు. సర్దిన తరువాత మిగిలిన ఫ్లోట్ ఎంత అన్నది రివ్యూ కార్యాలయానికి ఒప్పించడంలోనే నా ఓపిక అంతా కరిగిపోయింది. ఇదే ఇబ్బంది ఇతరులకూ ఎదురవుతుందని తెలుసు కనుక వివరంగా రాస్తున్నాను.

ముందుగా పనుల వరుస చెబుతాను. మొదటి రెండు రోజులు ఆరుగురూ కలిసి పాత పైపులు విప్పాలి. ఆ తరువాత పంపుల బిగింపు నాలుగు రోజులు, దాని వెంట పంపులకు మెయిన్ లైన్ కలపడం ఐదు రోజులు, చివర పైపుల్లో నీరు నింపి ఒత్తిడి పెట్టి చూసే హైడ్రో టెస్ట్ మూడు రోజులు. ఈ నాలుగూ కలిపి సరిగ్గా 14 రోజులు కాబట్టి ఒక్క రోజు ఆలస్యమైనా గడువు దాటే క్రిటికల్ పాత్ ఇదే. మిగిలినవి మూడు పనులు: కూలింగ్ వాటర్ లైనుకు సపోర్టులు మూడు రోజులు, అవి పూర్తయ్యాక ఆ లైను పైపులు మూడు రోజులు, విడిగా డ్రెయిన్ లైను రెండు రోజులు. ఇవన్నీ పాత పైపులు విప్పిన తరువాతే మొదలు కావాలి, హైడ్రో టెస్ట్‌కు ముందే ముగియాలి. విప్పడం, టెస్ట్ మినహా ప్రతి పనికీ ముగ్గురు ఫిట్టర్లు కావాలి.

ఫ్లోట్ లెక్క తేలికే. హైడ్రో టెస్ట్ 12వ రోజున మొదలవుతుంది కనుక 3వ రోజు నుంచి 11వ రోజు వరకు తొమ్మిది రోజుల వ్యవధి ఉంది. సపోర్టులు, పైపులు కలిపి ఆరు రోజులు కనుక ఆ రెండింటికీ మొత్తం ఫ్లోట్ 3 రోజులు. డ్రెయిన్ లైనుకు 7 రోజులు. అన్ని పనులనూ వీలైనంత త్వరగా మొదలుపెడితే 3, 4 రోజుల్లో పంపుల బిగింపు, సపోర్టులు, డ్రెయిన్ లైను ఒకేసారి నడుస్తాయి, తొమ్మిది మంది కావలసి వస్తుంది. 5 నుంచి 8 వరకు ఆరుగురు చాలు, 9 నుంచి 11 వరకు ముగ్గురికే పని ఉంటుంది. అంటే మొదట ముగ్గురు తక్కువ, చివర ముగ్గురు ఖాళీ.

ఏ పనిని జరపాలి అన్న చోట మాత్రం ఆగి ఆలోచించాలి. సపోర్టులకు మూడు రోజుల మొత్తం ఫ్లోట్ ఉన్నప్పటికీ, తరువాతి పనిని కదల్చకుండా వాడుకోగల ఫ్రీ ఫ్లోట్ సున్నా, ఎందుకంటే వాటిని ఒక్క రోజు జరిపినా వెనుక ఉన్న పైపుల పని కూడా ఒక రోజు జరుగుతుంది. డ్రెయిన్ లైను వెనుక హైడ్రో టెస్ట్ తప్ప మరే పనీ లేదు కనుక దాని ఏడు రోజులూ ఫ్రీ ఫ్లోటే, జరిపితే ఎవరికీ తగలదు. అందువల్ల సపోర్టులను 3వ రోజునే ఉంచి డ్రెయిన్ లైనును వెనక్కి జరపాలని నిర్ణయించాను. ఏడు రోజులు ఉన్నాయి కదా అని నాలుగు రోజులు జరిపి 7వ రోజున పెడితే ఫలితం ఉండదు, ఎందుకంటే ఆ రోజు మెయిన్ లైను, కూలింగ్ పైపులు నడుస్తూ ఉంటాయి కనుక తొమ్మిది మంది కావలసిన పరిస్థితి 3వ రోజు నుంచి 7వ రోజుకు మారుతుందే తప్ప తొలగదు. డ్రెయిన్ లైనుకు సరిపడే చోటు 9వ రోజునే ఉంది. ఆరు రోజులు జరిపి, 9వ రోజు కన్నా ముందు మొదలు కాకూడదన్న పరిమితితో 9, 10 రోజుల్లో పెట్టాను. ఇప్పుడు 3 నుంచి 10 వరకు ప్రతి రోజూ సరిగ్గా ఆరుగురు, 11న ముగ్గురు. ముగింపు 14వ రోజే. మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ సాఫ్ట్‌వేర్‌లో, ఉన్న ఫ్లోట్ లోపలే సర్దమని చెప్పే `Level only within available slack` పెట్టి నడిపినా ఇదే అమరిక వచ్చింది.

ఇక్కడి నుంచి నా కష్టం మొదలైంది.

సర్దిన షెడ్యూలులో మొత్తం ఫ్లోట్‌ను చూపే `Total Slack` కాలమ్ చూస్తే డ్రెయిన్ లైనుకు 1 రోజు, సపోర్టులకు 3, కూలింగ్ పైపులకు 3 అని కనిపిస్తుంది. డ్రెయిన్ లైను ఆరు రోజులు వాడుకుంది కనుక దాని అంకె తగ్గింది, మిగిలిన రెండింటి అంకెలూ కదలలేదు. సాఫ్ట్‌వేర్ ఈ అంకెను పనుల మధ్య మనం గీసిన లింకుల ఆధారంగానే లెక్కిస్తుంది. ముగ్గురు ఫిట్టర్ల ఒకే గ్యాంగు సపోర్టులు, పైపులు, డ్రెయిన్ లైను వరుసగా చేస్తున్నదన్న సంగతి ఆ లింకుల్లో లేదు. వాస్తవంగా చూస్తే ఆ గ్యాంగుకు మూడు, మూడు, రెండు, మొత్తం ఎనిమిది రోజుల పని ఉంది, వ్యవధి తొమ్మిది రోజులు. మిగిలేది ఒక్క రోజు. ఆ ఒక్క రోజును మూడు పనులూ కలిసి పంచుకోవాలి. తెర మీది కాలమ్‌ను నమ్మడం అంటే ఒకే కుండలోని నీళ్లను ముగ్గురి ఖాతాలో వేర్వేరుగా రాసుకోవడమే.

దీన్ని సరిచేయడానికి కూలింగ్ పైపుల నుంచి డ్రెయిన్ లైనుకు ఒక గ్యాంగు లింకు గీశాను. అంతే, మూడు పనుల మొత్తం ఫ్లోట్ 1 రోజుగా మారింది, ఫ్రీ ఫ్లోట్ చివరిదైన డ్రెయిన్ లైను దగ్గర మాత్రమే మిగిలింది. ఇది నిజమైన చిత్రం. ఈ షెడ్యూలునే రివ్యూకు పంపాను.

రివ్యూ కార్యాలయం దాన్ని తిప్పి పంపింది. కూలింగ్ వాటర్ లైనుకూ డ్రెయిన్ లైనుకూ సాంకేతికంగా ఏ సంబంధమూ లేదు, కాబట్టి ఆ లింకు కృత్రిమం, ఫ్లోట్‌ను దాచడానికే గీశారు అని ఎర్ర సిరాతో రాశారు. సమావేశంలో అందరి ఎదుట రివ్యూ అధికారి, “మీరు రెండు రోజులు దాచిపెట్టి మాకు ఒక్క రోజే చూపిస్తున్నారు. సపోర్టుల గ్యాంగును 3, 4 రోజులు వేరే పనికి పంపించండి, మూడు రోజుల ఫ్లోట్ ఉన్న పనికి రెండు రోజులు పోతే ఏమవుతుంది?” అన్నారు. షెడ్యూలు వేసేవాడిని పట్టుకుని రోజులు దాచాడనడం అంటే లెక్కలు రాసేవాడిని డబ్బు దాచాడనడమే. సైట్ సూపర్‌వైజర్లు, స్టోర్స్ వాళ్లు వింటూ ఉండగా ఆ మాట పడటం నాకు చాలా బాధ కలిగించింది. కాగితం మీది బార్లను మాత్రమే చూసి, వాటి వెనుక ఏ ముగ్గురు మనుషులు ఉన్నారో అడగకుండా ఆమోదాలు, తిరస్కారాలు ఇచ్చే పద్ధతి ఎక్కడ ఉన్నా అది మారాలి.

మాటలతో ఒప్పించడం సాధ్యం కాదని, ఆయన కోరినట్లే చేసి చూపిస్తానని చెప్పాను. నా గ్యాంగు లింకును అందరి ముందే తీసేసి, సపోర్టుల ప్రారంభాన్ని రెండు రోజులు వెనక్కి జరిపి, `F9` నొక్కాను. ముగింపు 14వ రోజు దగ్గరే నిలిచింది. అధికారి తల ఊపారు. అప్పుడు కింద ఏ రోజు ఎంతమంది కావాలో చూపే ఫిట్టర్ల హిస్టోగ్రామ్ తెరిచాను. సపోర్టులు 5 నుంచి 7 వరకు, పైపులు 8 నుంచి 10 వరకు వెళ్లాయి, డ్రెయిన్ లైను మాత్రం 9, 10 రోజుల్లోనే ఉండిపోయింది. ఆ రెండు రోజుల మీద బార్లు ఆరు గీతను దాటి తొమ్మిది వరకు ఎర్రగా లేచాయి.

“9వ రోజున మెయిన్ లైను దగ్గర ముగ్గురు, కూలింగ్ పైపుల దగ్గర ముగ్గురు ఉంటారండీ. డ్రెయిన్ లైను దగ్గర ఎవరుంటారో పేర్లు చెప్పండి” అని అడిగాను. ఎవరూ మాట్లాడలేదు. డ్రెయిన్ లైనును ఖాళీ ఉన్న చోటికి జరిపితే అది 11, 12 రోజుల్లో పడింది. హైడ్రో టెస్ట్ నీటిని వదలడానికి ఆ లైనే కావాలి కనుక టెస్ట్ 13న మొదలై 15న ముగిసింది. మూడు రోజుల ఫ్లోట్ ఉందన్న పనికి రెండు రోజులు తీసుకుంటే గడువు ఒక రోజు దాటింది. పోయింది రెండు, ఉన్నది ఒకటి, దాటింది ఒకటి. లెక్క అంత సూటిగా ఉన్నప్పుడు వాదించడానికి ఏమీ మిగలదు. గ్యాంగును ఒక్క రోజు మాత్రమే ఇవ్వగలనని, ఆ ఒక్క రోజు ఇచ్చిన తరువాత ఆ మూడు పనులూ క్రిటికల్ అవుతాయని చెప్పాను. గ్యాంగును కదల్చకూడదని వారే నిర్ణయించి, లింకుతో ఉన్న షెడ్యూలునే ఆమోదించారు.

రివ్యూ కార్యాలయాల విషయంలో నాకు మిగిలిన అభిప్రాయం కఠినమైనదే. షెడ్యూలుతో పాటు రోజువారీ మనుషుల హిస్టోగ్రామ్ అడగని కార్యాలయానికి కూడా దాన్ని జత చేసి పంపండి, ప్రతి బార్ లోపల ఏ గ్యాంగు ఏ పని మీద ఉందో రాయండి. ఫ్లోట్ కాలమ్‌ను ఒంటరిగా ప్రింటు తీసి ఎవరి చేతికీ ఇవ్వకండి. అనుమానం వస్తే నేను చేసినట్లే ఒక పనిని ఆ కాలమ్‌లో ఉన్నన్ని రోజులు జరిపి చూడండి. ముగింపు కదలకుండా హిస్టోగ్రామ్ మాత్రం పరిమితి దాటితే ఆ ఫ్లోట్ నిజం కాదు.

అధికారి అభ్యంతరంలో ఒక భాగం న్యాయమైనది, అది ఒప్పుకోవాలి. గ్యాంగు లింకు సాంకేతిక లింకు కాదు, మనుషుల కొరత ఉన్నంత వరకే దానికి అర్థం ఉంటుంది. సపోర్టుల కన్నా ముందు డ్రెయిన్ లైను చేసినా మొత్తం అదే ఎనిమిది రోజులు, మిగిలేది అదే ఒక్క రోజు. రెండు పనులున్న గొలుసు ముందుగా మొదలైతే మంచిదని నేను ఆ వరుస ఎంచుకున్నాను, అంతకు మించి అందులో నియమం ఏమీ లేదు. అందుకే అటువంటి లింకులు గీసిన పనుల దగ్గర ఒక వేరు కాలమ్‌లో “గ్యాంగు” అని రాసి పెడతాను. రేపు మరో ముగ్గురు ఫిట్టర్లు వస్తే ఆ కాలమ్‌తో వడపోసి, ఆ లింకులనూ డ్రెయిన్ లైనుకు పెట్టిన 9వ రోజు పరిమితినీ తొలగించి, మళ్లీ లెక్కించాలి. అప్పుడు డ్రెయిన్ లైను 3వ రోజుకు తిరిగి వస్తుంది, సపోర్టులకు కాలమ్‌లో కనిపించే 3 రోజులూ నిజంగానే ఉంటాయి.