నా చేతికి ఎంత పరిమితి పెట్టారు?

"సరే, గోడ పగలదు. మా సర్జన్ చేతికి ఎంత పరిమితి పెట్టారో ఆ కాగితంలో ఎక్కడుంది?"

ఆసుపత్రి తరఫున మీటింగుకి వచ్చిన థియేటర్ సిస్టర్ ఈ మాట అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేదు. భవనం పనికి నేలలోకి ఉక్కు పైల్స్ దించేటప్పుడు వచ్చే కంపనం, చప్పుడు గురించి ఇరవై రెండు పేజీల రిపోర్టు నేనే రాశాను. ఇంగ్లండులో పనికొచ్చి అప్పటికి మూడేళ్లు అవుతోంది, ఇక్కడ ఆసుపత్రి పక్కన పైలింగ్ మాత్రం అదే మొదటిసారి. ఇళ్ల పక్కన చేసిన పనికి రాసిన రిపోర్టునే దీనికీ సరిపోయేలా మార్చాను. తప్పు అక్కడే జరిగింది.

పని ఏమిటంటే, ఆసుపత్రి ఆవరణలో కొత్త భవనానికి సెల్లారు తవ్వాలి. మట్టి కూలకుండా చుట్టూ ఉక్కు షీట్ పైల్స్ దించాలి. నేల పైన గులకరాళ్ల పొర, దాని కింద గట్టి బంకమన్ను. ఆపరేషన్ థియేటర్ల బ్లాకు 40 మీటర్ల దూరంలో ఉంది. పైల్‌ని వేగంగా ఊపుతూ నేలలోకి దించే వైబ్రో హామర్ వాడతామని కాంట్రాక్టరు అన్నాడు. ఇక్కడ ఇలాంటి పనికి ముందే స్థానిక కౌన్సిల్ అనుమతి తీసుకోవచ్చు. 1974 నాటి కంట్రోల్ ఆఫ్ పొల్యూషన్ చట్టంలోని 61వ సెక్షన్ కింద అర్జీ పెడితే 28 రోజుల్లో తేల్చాలి. ఆ అర్జీకి జత చేయడానికి రాసిందే నా రిపోర్టు.

లెక్క చెబుతాను, కష్టమైనదేమీ కాదు. బ్రిటిష్ స్టాండర్డ్ బీఎస్ 5228 రెండో భాగంలో వైబ్రో పైలింగ్‌కి ఒక సూత్రం ఉంది:

```
v = kv / x^1.3
```

ఇక్కడ `x` అంటే దూరం, మీటర్లలో. `v` అంటే నేల కంపన వేగపు శిఖరం, సెకనుకి మిల్లీమీటర్లలో. `kv` దగ్గర 60 వేస్తే వచ్చే అంకెను నిజమైన కంపనం దాటే అవకాశం సగానికి సగం. 266 వేస్తే దాటే అవకాశం నూటికి ఐదు. 40 మీటర్ల దగ్గర మొదటిది 0.5 వస్తుంది, రెండోది 2.2. గోడకి పైపై పగుళ్లు రావడానికే బీఎస్ 7385 ప్రకారం మామూలు ఇళ్లకి సెకనుకి 15, కాంక్రీటు ఫ్రేమ్ భవనాలకి 50 మిల్లీమీటర్లు కావాలి. 2.2 ఎక్కడ, 50 ఎక్కడ! చప్పుడు సంగతికొస్తే, యంత్రం దగ్గర 10 మీటర్లకి 88 డెసిబెల్స్ తీసుకున్నాను. 40 మీటర్లకి 12 తగ్గి 76 అవుతుంది. మూసిన కిటికీ ఇంకో 30 ఆపుతుందనుకుంటే లోపల 46. వార్డుకి పగలు 40 ఉండాలని ఇక్కడి ఆరోగ్య శాఖ మార్గదర్శకం. ఆరు డెసిబెల్స్ ఎక్కువైనా, రోజులో సగంసేపే యంత్రం నడుపుతాం, అడ్డుతెర కడతాం అని రాసి ఆ భాగం ముగించాను. చప్పుడుకి మందు దొరుకుతుంది. కంపనం నేల లోపలి నుంచి వస్తుంది, దానికి తెర కట్టలేం.

మీటింగు అయ్యాక సిస్టర్ నన్ను అక్కడితో వదల్లేదు. "పది నిమిషాలుంటే రండి" అని చెప్పులు మార్పించి, గౌను తొడిగించి, ఖాళీగా ఉన్న కంటి ఆపరేషన్ థియేటర్‌లోకి తీసుకెళ్లింది. మైక్రోస్కోపు కింద ఒక మందుపెట్టె కాగితం పెట్టి చూడమంది. చీమ తలంత అక్షరాలు అరచేతంత కనబడ్డాయి. తర్వాత ఆవిడ తలుపు తీసి ఎవరితోనో ఏదో చెప్పింది. బయట వరండాలో సామాను నింపిన ట్రాలీని తోసుకెళ్లారు. అక్షరాలు వణికాయి. ఒక్క క్షణమే, కానీ ఆ క్షణంలో నేను ఒక్క అక్షరం కూడా చదవలేకపోయాను. నా కాళ్లకి మాత్రం ఏమీ తెలియలేదు.

"ట్రాలీ అయితే ఆపరేషన్ జరుగుతుండగా తొయ్యొద్దని నేను చెప్పగలను. మీ యంత్రానికి ఎవరు చెబుతారు?" అంది.

కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది. ఇంటికొచ్చాక కూడా మనసులో వాదించుకుంటూనే ఉన్నాను. మన దేశంలో రూల్ లేదా? ఉంది. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఆసుపత్రి చుట్టూ 100 మీటర్ల దాకా సైలెన్స్ జోన్‌గా ప్రకటించవచ్చు. అక్కడ పగలు 50, రాత్రి 40 డెసిబెల్స్ దాటకూడదు. వీళ్ల దగ్గర నిర్మాణ పనికి అంత కచ్చితమైన ఒక్క అంకె లేదు, ప్రతి పనికీ మాట్లాడుకుని తేల్చుకోవాలి. కాగితం మీద చూస్తే మనదే కఠినం. ఇంజనీరుగా మన వాళ్లని ఎవరూ తక్కువగా అనకూడదనే పట్టుదల నాకు ఎప్పుడూ ఉంది. కానీ ఆ రాత్రి నన్ను నేను ప్రశ్నించుకున్నది వేరు. మన దేశంలో ఎనిమిదేళ్లు పైలింగ్ చేయించాను, రెండుసార్లు ఆసుపత్రుల పక్కనే. ఒక్కసారైనా లోపలికెళ్లి, మీ పని ఎప్పుడు, మా యంత్రం ఎప్పుడు ఆపమంటారు అని ఒక నర్సుని అడిగానా? అడగలేదు. ఆ నియమాల్లో కంపనం మాటే లేదు, అందుకే నాకూ తోచలేదు. నియమం లేనిచోట ఆలోచన కూడా ఆగిపోవడం నా తప్పే.

మర్నాడు లెక్క మళ్లీ మొదలుపెట్టాను, ఈసారి థియేటర్ నేల నుంచి వెనక్కి. ఆపరేషన్ థియేటర్ నేలకి వాడే హద్దు ఆర్‌ఎంఎస్‌లో సెకనుకి 0.1 మిల్లీమీటరు. ఆర్‌ఎంఎస్ అంటే ఒక్క శిఖరాన్ని కాకుండా ఊగుడు మొత్తానికీ సగటు లాంటి కొలత. సమంగా ఊగే కంపనానికి శిఖరాన్ని 1.4తో భాగిస్తే సరిపోతుంది. నా 0.5 శిఖరం అలా 0.35 అయింది. అదీ బయట నేల మీది అంకె. థియేటర్ మొదటి అంతస్తులో ఉంది. స్తంభాల మధ్య పరిచిన స్లాబు తనంతట తాను ఊగే లయకి, అంటే సహజ పౌనఃపున్యానికి, దగ్గర కంపనం తగిలితే దాన్ని పెంచుతుంది. రెట్టింపు అనుకున్నా 0.7. హద్దుకి ఏడు రెట్లు! సగం అవకాశం ఉన్న అంకెతోనే ఇంత, నూటికి ఐదు అవకాశమున్న అంకె సంగతి ఇంక చెప్పక్కర్లేదు. యంత్రాన్ని ఇంకా దూరం జరిపితే ఎలా ఉంటుందని చూశాను. స్లాబు పెంపు వదిలేసినా 106 మీటర్లు కావాలి. ఆవరణలో అంత చోటు లేదు, ఆ సూత్రం చెల్లేదీ 100 మీటర్ల దాకానే.

ఇంకో చిక్కు ఉంది. వైబ్రో హామర్ పూర్తి వేగంలో ఉన్నప్పటికంటే మొదలయ్యేటప్పుడు, ఆగేటప్పుడు ఎక్కువ బాధపెడుతుంది. సున్నా నుంచి పూర్తి వేగానికి వెళ్లే దారిలో ప్రతి పౌనఃపున్యాన్నీ దాటుకుంటూ పోతుంది, ఎక్కడో ఒకచోట స్లాబుది కూడా తగులుతుంది. ఆ రెండు మూడు సెకన్లలో స్లాబు ఊగుతుంది. ఇది రాకుండా బరువులు సర్దుకునే వైబ్రోలు ఉన్నాయి, కానీ ఏడు రెట్లని తగ్గించడానికి అది ఒక్కటే చాలదు.

చివరికి వైబ్రో వదిలేసి ప్రెస్ పద్ధతికి వెళ్లాం. ముందు దించిన పైల్స్‌ని యంత్రం పట్టుకుని, వాటి బలంతో కొత్తదాన్ని హైడ్రాలిక్ ఒత్తిడితో కిందికి నొక్కుతుంది. కొట్టడం లేదు, ఊపడం లేదు. గులకరాళ్ల పొరలో నొక్కితే దిగదు కాబట్టి ముందు ఆగర్ అనే పెద్ద మరతో తొలిచి నేల వదులు చేసుకోవాలి. నెమ్మది పని, ఖర్చూ ఎక్కువే. కాంట్రాక్టరు వారం రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడాడు.

పని మొదలయ్యేముందు ఒక వారం ఊరికే కొలిచాం. ఇది చేయకపోయి ఉంటే మొత్తం గందరగోళమయ్యేది. థియేటర్ నేల మీద సెన్సర్ బిగించడానికి రంధ్రం చేయనివ్వరు, ఇన్‌ఫెక్షన్ భయం. రెండువైపుల అంటుకునే టేపు వేస్తే మెత్తటి వినైల్ మీద సెన్సరే విడిగా ఊగుతుంది, తప్పు అంకెలొస్తాయి. మూడు మొనదేలిన కాళ్లున్న బరువైన ఉక్కు పలక మీద పెట్టాం. ఆ వారంలో ఒక్క పైల్ కూడా లేకుండానే 0.1 హద్దు రోజుకి చాలాసార్లు దాటింది. ట్రాలీలు, పక్కగది తలుపు, ఎవరో బరువైన పెట్టె దించడం. అందుకే అలారం లోపలి సెన్సర్ ఒక్కదానికే కట్టలేదు. భవనం పునాది దగ్గర బయట నేల కదలికని కొలిచే ఇంకో సెన్సర్, జియోఫోన్, పెట్టాం. లోపలిది ఎగిరి బయటిది కదలకపోతే ట్రాలీ. బయటిది ముందు కదిలి వెంటనే లోపలిదీ కదిలితే మేమే. లోపల 0.06 దాటితే నా ఫోనుకి, ఆపరేటర్ ఫోనుకి మెసేజ్. 0.1 అయితే యంత్రం ఆగాలి, తిరిగి మొదలుపెట్టాలంటే సిస్టర్ సరే అనాలి. ఈ చివరి వాక్యం నేనే రాశాను, కాంట్రాక్టరు కొట్టేస్తే మళ్లీ రాశాను.

మొదటి పైల్‌ని కావాలనే థియేటర్‌కి బాగా దూరపు మూలలో దించాం. నాలుగు దూరాల్లో కొలిచి గీత గీసి చూస్తే 40 మీటర్ల దగ్గర ఏమొస్తుందో ఈ నేలకే తెలిసిపోయింది. పుస్తకంలో సూత్రం ఎన్నో నేలలకి కలిపి చెప్పింది, ఇది మా నేలది. లోపల 0.03, 0.04 దగ్గరే తిరిగింది.

పన్నెండో రోజు మధ్యాహ్నం పైల్ రెండున్నర మీటర్ల లోతులో ఆగిపోయింది. పాత భవనం పునాది ముక్క, ఏ డ్రాయింగులోనూ లేదు. బ్రేకర్‌తో కొట్టి తీసేద్దాం, పది నిమిషాల పని అన్నాడు ఆపరేటర్. బ్రేకర్ అంటే దెబ్బ మీద దెబ్బ, మేం ఇన్నాళ్లూ తప్పించుకున్నదే. సిస్టర్‌కి ఫోన్ చేశాను. "కంటి కేసు నడుస్తోంది. నేను చెప్పేదాకా వద్దు" అంది. యంత్రం ఆపేసి ఇద్దరం కంచె దగ్గర నిలబడ్డాం. ఆపరేటర్ పెద్దాయన, ముప్పై ఏళ్లుగా పైల్స్ దించుతున్నాడు. విసుక్కుంటాడనుకున్నాను. మొదటి అంతస్తు కిటికీల వైపు చూసి, "ఏ కిటికీ అదీ?" అని అడిగాడు. చూపించాను. తర్వాత ఏమీ మాట్లాడలేదు, చేతి గ్లౌజులు తీసి కంచె మీద ఆరేశాడు.

నలభై నిమిషాలకి ఫోన్ మోగింది. "అయిపోయింది. రోగిని బయటికి తెచ్చేశాం. తర్వాతి కేసు మూడున్నరకి, అంతలో కానివ్వండి," అని ఒక్క క్షణం ఆగి, "థాంక్యూ" అంది.

ఆపరేటర్ అప్పటికే గ్లౌజులు తొడుక్కుంటున్నాడు.